మైక్రోటాస్క్ సైట్లలో గంటకు నిజంగా ఎంత వస్తుంది? నా వారం లెక్క ఇది, తప్పెక్కడుందో చెప్పండి

గుణుపురం_డైరీ
మాది రాయగడ జిల్లా గుణుపురం. ఇంట్లో తెలుగే మాట్లాడుకుంటాం కానీ నా చదువంతా ఒడియా మాధ్యమంలో సాగింది, తెలుగు చదవడం, రాయడం నాన్న దగ్గర నేర్చుకున్నాను. ఉద్యోగ పరీక్షలకు చదువుకుంటూ చేతి ఖర్చులకోసం, చిన్న చిన్న ఆన్‌లైన్ పనులకు డబ్బిచ్చే ఒక మైక్రోటాస్క్ సైటులో చేరాను. ఆ సైటు పేరు ఇక్కడ రాయను. ఆరు రోజుల్లో మొత్తం 21 గంటల 20 నిమిషాలు కంప్యూటరు ముందు కూర్చున్నాను. ఆమోదం పొందిన పనులకు 13 డాలర్ల 20 సెంట్లు వచ్చాయి. డాలరు 85 రూపాయల లెక్కన 1,122 కావాలి గానీ, పేపాల్ రూపాయల్లోకి మార్చేటప్పుడు దాదాపు నాలుగు శాతం పోయి బ్యాంకులో 1,077 పడ్డాయి. అంటే గంటకు 50 రూపాయలు. చేరేటప్పుడు మాత్రం గంటకు రెండు డాలర్ల దాకా సంపాదించవచ్చని చూపించారు. నాకు పని చేతకాక ఇంత తక్కువ వచ్చిందా, లేక ఈ పనుల తీరే ఇంతా? కొత్తవాళ్లు ఏ పనులు పట్టుకోవాలి, వేటిని వదిలేయాలి?

జైపూర్_కిరాణా
21 గంటలకు 1,077 రూపాయలంటే మా కొట్టులో పొట్లాలు కట్టే కుర్రవాడు కూడా ఒప్పుకోడు. వాడికి మధ్యాహ్నం టీ కూడా ఇస్తున్నాను.

పర్లాకిమిడి_వెంకటేశ్
మీరు చేరిన సైటే సరైనది కాదు. ఇలాంటి సైట్లలో గంటకు కనీసం 8 డాలర్లు ఇవ్వాలన్న నియమం ఉందని నేను చదివాను. అమెజాన్ వారి మెకానికల్ టర్క్ లాంటి పెద్ద సైటులో చేరితే అమెరికా కనీస వేతనం ప్రకారమే చెల్లిస్తారు, ఎందుకంటే పని ఇచ్చేవారు అక్కడివారే కదా.

బరంపురం_లెక్కలు
వెంకటేశ్ గారు చెప్పినదాంట్లో సగం నిజం ఉంది, కానీ రెండు సైట్ల సంగతులు కలిసిపోయాయి. గంటకు కనీసం 8 డాలర్లు అన్న నియమం పెట్టుకున్నది ప్రోలిఫిక్. అది విశ్వవిద్యాలయాల పరిశోధన సర్వేలకు పేరుపడినది, ప్రధానంగా ఓఈసీడీ అనే, ఎక్కువగా సంపన్న దేశాలున్న కూటమి నివాసులతో నడుస్తుంది. మన దేశం ఆ కూటమిలో లేదు. మెకానికల్ టర్క్ 2005 నుంచి ఉంది, కానీ అక్కడ పని ధర నిర్ణయించేది పని ఇచ్చేవారే, కనీస వేతనం అంటూ ఏమీ లేదు. 2018లో పరిశోధకులు అక్కడి 2,676 మంది పనివారి లెక్కలు తీసి చూస్తే, వరుసలో సరిగ్గా మధ్యన ఉన్న మనిషికి గంటకు రెండు డాలర్ల చుట్టూ వస్తున్నట్టు తేలింది. అమెరికా సమాఖ్య కనీస వేతనమైన 7.25 డాలర్లను దాటినవారు నాలుగు శాతమే. పని వెతకడానికి, తిరస్కరణకు గురైన పనులకు, మధ్యలో వదిలేసిన పనులకు పోయిన సమయాన్ని వారు లెక్కలో కలిపారు కాబట్టే ఆ అంకె అంత కిందికి వచ్చింది.

డైరీ గారూ, మీ పేరుకు తగ్గట్టు సమయం విడివిడిగా రాసుకున్నారా? 21 గంటల 20 నిమిషాల్లో డబ్బు తెచ్చిన సమయం ఎంతో తెలిస్తే తప్ప మీ ప్రశ్నకు జవాబు దొరకదు.

గుణుపురం_డైరీ
రాసుకున్నాను. డబ్బు వచ్చిన పనుల మీద గడిపినది 11 గంటలు. మిగిలినదాంట్లో పని కోసం వెతుకుతూ పేజీని మళ్లీ మళ్లీ తెరవడానికి 5 గంటలు, సూచనలు చదివి అర్హత పరీక్షలు రాయడానికి 3 గంటలు, చివరికి తిరస్కరణకు గురైన పనులకు 2 గంటల 20 నిమిషాలు పోయాయి.

ఆ 11 గంటల్లో రసీదుల ఫోటోలు చూసి కొట్టు పేరు, తేదీ, మొత్తం టైపు చేసే పని 5 గంటలు చేశాను. ఒక్కోదానికి 3 సెంట్లు, ఒక్కోటి నిమిషంన్నర పడుతుంది, 200 రసీదులకు 6 డాలర్లు వచ్చాయి. వెతికిన మాటకు చూపించిన ఫలితం సరిపోయిందో లేదో చెప్పే పని 3 గంటలు చేసి 180 పూర్తిచేశాను, ఒక్కోటి 2 సెంట్లు. సర్వేలు 8 చేస్తే 2 గంటలకు 2 డాలర్ల 40 సెంట్లు వచ్చాయి. ఏవేవో యాప్‌లలో ఖాతా తెరిచే పనులు 12 చేస్తే గంటలో డాలరు 20 సెంట్లు వచ్చాయి. తిరస్కరించినవాటిలో 53 రసీదులు ఉన్నాయి, వాటికి గంటా ఇరవై నిమిషాలు పోయాయి. మిగతా గంట, సర్వే సగం నింపాక మీరు మాకు తగరని బయటికి పంపేసినప్పుడు పోయింది.

బళ్లార్షా_ఇంజను
ప్రోలిఫిక్ లాంటిదానిలో వేరే దేశం చిరునామా ఇచ్చి వీపీఎన్ పెట్టుకుంటే సరిపోతుంది కదా? మా గదిలో ఒకడు అలాగే చేస్తున్నాడు.

బరంపురం_లెక్కలు
ఇంజను గారూ, మీ మిత్రుడు డబ్బు చేతికి తీసుకున్నాడో లేదో అడిగి చెప్పండి. పని చేస్తున్నంత కాలం ఎవరూ ఏమీ అనకపోవచ్చు. గుర్తింపు పత్రం అడిగిన రోజున ఖాతా మూసేస్తారు, అందులో పోగుపడినది పోతుంది, నిబంధన తప్పింది మనమే కాబట్టి గట్టిగా అడగడానికీ నోరు రాదు.

ఇక డైరీ గారి లెక్క. డబ్బు వచ్చిన 11 గంటలకే చూస్తే గంటకు డాలరు 20 సెంట్లు, మొత్తం సమయానికి చూస్తే 62 సెంట్లు. సగానికి సగం తేడా. సైట్లు చూపించే అంకె ఎప్పుడూ మొదటి రకానిదే, అదీ చేయి బాగా తిరిగినవారి వేగంతో వేసినది. కాబట్టి ఇది మీ చేతకానితనం కాదు. కానీ ఏ పని ఎంత తినేసిందో విడదీసి చూస్తే వేరే సంగతి బయటపడుతుంది.

రసీదులకు తిరస్కరణ సమయం కూడా కలిపితే 6 గంటల 20 నిమిషాలకు 6 డాలర్లు, అంటే గంటకు 95 సెంట్లు. సర్వేలకు 3 గంటలకు 2.40, అంటే 80 సెంట్లు. వెతుకుడు ఫలితాల పనికి 3 గంటలకు 3.60 వచ్చింది. మీ అర్హత పరీక్షల 3 గంటలు దీనికోసమే పోయి ఉంటే గంటకు 60 సెంట్లే, పైకి ఇదే అన్నిటికన్నా అధమంగా కనిపిస్తుంది. అయితే ఆ పరీక్ష మళ్లీ రాయనవసరం లేదు. వచ్చే వారం ఇదే పని ఇదే వేగంతో చేసినా గంటకు డాలరు 20 వస్తుంది. ఇప్పుడు ఒక్కోదానికి నిమిషం పడుతోంది, అది 40 సెకన్లకు దిగితే డాలరు 80. రసీదులలో అలాంటి పెరుగుదల ఉండదు, ఎందుకంటే చదవడానికీ టైపు చేయడానికీ పట్టే సమయం చేయి తిరిగాక కూడా పెద్దగా తగ్గదు.

జైపూర్_కిరాణా
లెక్కలు గారు మా కొట్టు పుస్తకం కూడా ఒకసారి చూస్తే బాగుండును.

సిరొంచ_గోదారి
ఈ పనుల సంగతి నాకు బాగా తెలుసు, దయచేసి ఎవరూ దిగకండి. మా బావమరిదికి టెలిగ్రామ్‌లో ఇదే పని ఇచ్చారు. వీడియోకు లైకు కొడితే 50 రూపాయలు అన్నారు, మూడు లైకులకు 150 నిజంగానే వేశారు. తరువాత పెద్ద టాస్కు కోసం ముందుగా 5,000 కట్టమన్నారు, ఆ తరువాత ఆ డబ్బు విడిపించుకోవడానికి ఇంకా కట్టమన్నారు. 28,000 పోయాక గానీ వాడు ఇంట్లో చెప్పలేదు.

బరంపురం_లెక్కలు
గోదారి గారూ, మీరు చెప్పినది వేరే వ్యవహారం, దానికి టాస్కు అన్న పేరు మాత్రం తగిలించారు. అయినా ఇక్కడ చెప్పడం మంచిదే అయింది, కొత్తవారికి రెండూ ఒకే రకంగా కనిపిస్తాయి. అసలు మైక్రోటాస్క్ సైటు పనివారి నుంచి డబ్బు తీసుకోదు, తన కమీషను పని ఇచ్చేవారి దగ్గర తీసుకుంటుంది. మెకానికల్ టర్క్‌లో అది మామూలుగా 20 శాతం. చేరడానికి రుసుము అడిగినా, డబ్బు తీసుకోవడానికి ముందు డబ్బు వేయమన్నా అక్కడితో ఆపేయాలి. డబ్బు పోయినవారు ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయాలి, ఎంత త్వరగా చేస్తే అవతలి ఖాతాలో సొమ్మును ఆపే అవకాశం అంత ఎక్కువ.

సిరొంచ_గోదారి
వాడు పదిహేను రోజుల తరువాత చెప్పాడు. ఫిర్యాదు ఇచ్చాం గానీ ఇంతవరకు ఏమీ రాలేదు.

గుణుపురం_డైరీ
బావమరిది గారి సంగతి చాలా బాధగా ఉంది. నన్ను ఎవరూ డబ్బు అడగలేదు.

అర్హత పరీక్షల సమయం దాదాపు అంతా ఫలితాల పనికే పోయింది, లెక్కలు గారు సరిగ్గానే ఊహించారు. నాకు అర్థం కానిది ఆ 53 రసీదుల సంగతి. ఒకే పూటలో అన్నీ వరుసగా తిరస్కరించారు. కారణం అని ఒక్క మాట రాశారు, తేదీ తప్పని. నేను రసీదు మీద ఉన్నది చూసే రాశాను.

బరంపురం_లెక్కలు
అవి అమెరికా కొట్ల రసీదులేనా? 04/07 అని ఉంటే మీరు ఏప్రిల్ ఏడు అనుకుని రాశారా, జులై నాలుగు అనుకుని రాశారా?

గుణుపురం_డైరీ
04/07 అంటే జులై 4 కదా. ముందు రోజు, తరువాత నెల. సంవత్సరం, నెల, రోజు వరుసలో మార్చి రాయమన్నారు, అలాగే రాశాను.

బరంపురం_లెక్కలు
అక్కడే దెబ్బ పడింది. వారి దేశంలో నెల ముందు రాస్తారు, అది ఏప్రిల్ 7. 12 దాటిన రోజులున్న రసీదులలో మీకు అనుమానం వచ్చి సరిగ్గానే రాసి ఉంటారు, అందుకే అన్నీ పోలేదు.

ఈ పనిని ఎలా పరీక్షిస్తారో చెబుతాను, ఎందుకంటే నాలుగేళ్లు చేశాక నన్నే కొంతకాలం ఆ పరిశీలనలో పెట్టారు. ఒకే రసీదును ముగ్గురికో అయిదుగురికో ఇస్తారు. ఎక్కువమంది రాసిన జవాబుతో మీది కలవకపోతే మీది తప్పు కింద లెక్క. వీటితో పాటు జవాబు ముందే తెలిసిన కొన్ని రసీదులను మధ్యమధ్యలో కలుపుతారు, అవి ఏవో మనకు తెలియదు. వాటిలో తప్పులు ఒక హద్దు దాటితే ఆ వరుస మొత్తం పక్కన పెట్టేస్తారు. కాబట్టి కొత్త రకం పని దొరికినప్పుడు మొదటి అయిదు మాత్రమే చేసి పంపండి, అవి ఆమోదం పొందేదాకా ఆగండి. ఆ పూట నష్టపోయినా ఫర్వాలేదు. సందేహం ఉన్నదాన్ని పంపకుండా తిరిగి ఇచ్చేయవచ్చు, తిరిగి ఇచ్చినదానికి ఆమోదపు శాతం తగ్గదు. పంపాక తిరస్కరిస్తే తగ్గుతుంది.

తగ్గడమంటే ఎంతో చూడండి. మీకు ఆమోదం పొందినవి 200 రసీదులు, 180 ఫలితాలు, 12 ఖాతాలు, 8 సర్వేలు కలిపి 400. తిరస్కరించినవి 53. అంటే 88 శాతం. కాస్త మంచి ధర ఇచ్చేవారు 95 శాతమో 98 శాతమో ఉన్నవారికే పని చూపిస్తారు, మీకు ఆ పనులు కనిపించను కూడా కనిపించవు. మీరు పని వెతకడానికి 5 గంటలు ఖర్చుపెట్టడానికి ఇదీ ఒక కారణం కావచ్చు. 95కు చేరాలంటే ఒక్క తప్పు లేకుండా ఇంకా 607 పనులు ఆమోదం పొందాలి. రసీదుల వేగంతో అది 15 గంటల పని. ఆ 53 రసీదుల వల్ల పోయినది డాలరున్నర అనుకోకండి.

పర్లాకిమిడి_వెంకటేశ్
సైట్లు కలిపేసిన మాట నిజమే, ఒప్పుకుంటున్నాను. కానీ తప్పు చెప్పే అవకాశం కూడా ఇవ్వకుండా 53 పనులను తీసుకుని డబ్బు ఎగ్గొట్టడం న్యాయమా? ఆ రసీదులలో కొట్టు పేరు, మొత్తం సరిగ్గానే ఉన్నాయి కదా, వాటిని వారు వాడుకోరని ఏమిటి నమ్మకం?

బరంపురం_లెక్కలు
నమ్మకం లేదు. తిరస్కరించిన పనిని వాడుకోకుండా ఆపే మార్గం మన చేతిలో లేదు. మర్యాదగా కారణం చూపిస్తూ ఒకసారి రాయండి, నేను పదిసార్లు రాస్తే రెండు మూడుసార్లు తిరస్కరణను వెనక్కి తీసుకున్నారు. అంతకు మించి నా దగ్గర ఉపాయం లేదు.

కాశీనగరం_మాస్టారు
నేను పదవీ విరమణ తరువాత రెండేళ్లుగా మాటలను రాతలో పెట్టే పని చేస్తున్నాను, అంటే రికార్డు చేసిన తెలుగు సంభాషణ విని అక్షరం పొల్లుపోకుండా టైపు చేయడం. అమ్మా, మీరు రసీదులు, సర్వేలు చేయడం చూస్తే నాకు జాలి వేస్తోంది. ఆ పనికి ప్రపంచంలో ఎవరైనా పోటీకి వస్తారు. తెలుగు, ఒడియా రెండూ విని రాయగలిగినవారు మీ జిల్లాలోనూ నా గజపతి జిల్లాలోనూ తప్ప ఎందరుంటారు? నాకు ఇచ్చేవారు ధ్వని నిమిషానికి 14 రూపాయలు ఇస్తున్నారు. పని నిమిషానికి కాదు, ధ్వని నిమిషానికి. మొదట్లో ఒక నిమిషం ధ్వనికి నాకు పది నిమిషాలు పట్టేది, ఇప్పుడు అయిదు. అంటే గంటకు 84తో మొదలై 168కి వచ్చాను.

గుణుపురం_డైరీ
మాస్టారూ, నేను ఒక తెలుగు పరీక్ష రాశాను, తప్పింది. స్పష్టంగా విని, భాష దిద్ది మరీ రాశాను.

కాశీనగరం_మాస్టారు
దిద్దడమే తప్పు. అవతలి మనిషి "ఎల్లిపోనాను" అంటే మీరు "వెళ్ళిపోయాను" అని రాసి ఉంటారు. ముప్పై ఏళ్లు పిల్లల తప్పులు దిద్దిన నాకూ మొదటి పరీక్ష ఇలాగే పోయింది. ఉన్నది ఉన్నట్టు రాయమన్న పనిలో "సేసినాను" అంటే "సేసినాను" అనే రాయాలి, మధ్యలో ఒడియా మాట వస్తే దాన్నీ వినబడినట్టు రాయాలి, "ఆఁ" అని ఆగితే అదీ రాయాలి. కొన్ని పనులు మాత్రం శుద్ధంగా దిద్ది రాయమంటాయి. సూచనల మొదటి పేజీలోనే ఆ సంగతి ఉంటుంది, మనం చదవకుండా దాటేస్తాం.

బళ్లార్షా_ఇంజను
మరి మాట్లాడి రికార్డు చేసే పనులు? టైపు చేయడం రానివారికి అదే నయం కదా. కార్యా అనే సంస్థ గంటకు కనీసం 5 డాలర్లు ఇస్తుందని విన్నాను. అది కూడా వీపీఎన్ అనకండి.

బరంపురం_లెక్కలు
ఈసారి మీరు విన్నది నిజమే. కార్యా మన దేశపు సంస్థే, ఫోనులో వాక్యాలు చదివించి మన భాషల మాటలు సేకరిస్తుంది, 5 డాలర్ల కనీస రేటు వారు ప్రకటించుకున్నదే. అయితే ఆ గంటలు ఎన్ని దొరుకుతాయన్నది అసలు ప్రశ్న. అలాంటి పని ఒక ప్రాజెక్టుగా వస్తుంది, ఒక్కో మనిషికి కొన్ని గంటలకు అయిపోతుంది. నెలంతా చేసే పనిగా లెక్క వేసుకోకూడదు.

కాశీనగరం_మాస్టారు
నేను నా గొంతు అమ్మను. రాసినది నా చేతి పని, గొంతు నేనే. రేపు దానితో ఎవరు ఏం మాట్లాడిస్తారో మనకు తెలియదు.

బరంపురం_లెక్కలు
మాస్టారితో నేను ఏకీభవించను. ఒప్పందంలో ఎందుకు వాడతారో రాసి ఉంటే, డబ్బు తగినంతగా ఉంటే గొంతు ఇవ్వడంలో తప్పు లేదు. ఆ ఖాతాలు తెరిచే పనుల సంగతే నాకు ఎక్కువ భయం. గంటకు డాలరు 20 అని డైరీ గారి పట్టికలో బాగానే కనిపిస్తున్నాయి. 12 యాప్‌లకు ఫోను నంబరు ఇచ్చారు కదా, ఇప్పుడు రోజుకు ఎన్ని ఫోన్లు వస్తున్నాయో ఆవిడనే అడగండి.

గుణుపురం_డైరీ
నిన్న పదకొండు. ఒకరు నాకు ఇంటి రుణం మంజూరైందని చెప్పారు.

జైపూర్_కిరాణా
తీసుకుని మా కొట్టులో సరుకులు కొనండి.

సిరొంచ_గోదారి
క్యాప్చా టైపింగు సంగతి కూడా చెప్పండి. మా ఊరిలో కుర్రవాళ్లు రాత్రంతా అదే చేస్తున్నారు.

బరంపురం_లెక్కలు
వెయ్యి క్యాప్చాలకు అర డాలరు నుంచి డాలరు దాకా ఇస్తారు. ఒక్కోటి పది సెకన్లయినా వెయ్యికి దాదాపు రెండు గంటల 45 నిమిషాలు పడుతుంది. అంటే గంటకు 15 నుంచి 30 రూపాయలు. 2025-26లో ఒడిశాలో ఉపాధి హామీ కూలి రోజుకు 273 రూపాయలు, మీ మహారాష్ట్రలో 312. రాత్రంతా కళ్లు పోగొట్టుకున్నా ఆ కూలి రాదు. పైగా దాన్ని కొనేవారిలో ఎక్కువమంది యంత్రాలతో దొంగ ఖాతాలు తెరిచేవారే.

గుణుపురం_డైరీ
రెండు వారాల తరువాత రాస్తున్నాను. రసీదుల మీద మర్యాదగా రాశాను, జవాబు రాలేదు. ఖాతాలు, సర్వేలు పూర్తిగా మానేశాను. మాస్టారు చెప్పినట్టు సూచనలు రెండుసార్లు చదివి ఒక తెలుగు ధ్వని ప్రాజెక్టు పరీక్ష రాస్తే ఈసారి ఉత్తీర్ణురాలినయ్యాను. ధర అదే, ధ్వని నిమిషానికి 14 రూపాయలు.

పోయిన వారం 45 నిమిషాల ధ్వని రాశాను. ఒక్కో నిమిషానికి ఎనిమిది నిమిషాలు పట్టింది, అంటే 6 గంటలు. అందులో 5 నిమిషాల ధ్వనిని దిద్దమని తిరిగి పంపారు, దానికి ఇంకో 40 నిమిషాలు. మొత్తం 630 రూపాయలు. ఫలితాల పని 3 గంటలు చేశాను, ఒక్కోటి 50 సెకన్లకు వచ్చింది, 216 పూర్తయ్యాయి. మార్పిడి పోను 353 రూపాయలు. దానికోసం ఎదురుచూసిన గంటా ఇరవై నిమిషాలు కూడా కలిపాను. అంతా కలిపి 11 గంటలకు 983, గంటకు 89 రూపాయలు.

పర్లాకిమిడి_వెంకటేశ్
50 నుంచి 89కి వచ్చింది కదా! అయితే నెలకు ఎంత అవుతుంది?

గుణుపురం_డైరీ
నెల లెక్క వేయలేను. ధ్వని ప్రాజెక్టు శనివారంతో అయిపోయింది. తరువాతిది ఎప్పుడని అడిగితే, వచ్చినప్పుడు ఈమెయిలు పంపుతామన్నారు. మాస్టారూ, మీకు పనికీ పనికీ మధ్య ఎన్ని రోజులు ఖాళీ వస్తుంది?

కాశీనగరం_మాస్టారు
ఒకసారి పన్నెండు రోజులు, ఒకసారి రెండున్నర నెలలు. ఒడియా పరీక్ష కూడా ఇప్పుడే రాసి పెట్టుకోండి అమ్మా, నాకు ఒడియా అక్షరాలు కూడబలుక్కుంటే గానీ రావు, మీకు ఆ ఇబ్బంది లేదు.